స్కానర్ తెర మీద కనిపించే 63.87

(ఎం.ఆర్.ఐ. టెక్నీషియన్ కోర్సు విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రాతలోకి మార్చేటప్పుడు మధ్యలో వచ్చిన ప్రశ్నలను కూడా ఉంచాం.)

అందరికీ నమస్కారం. మీలో చాలామంది ఇప్పటికే సెంటర్లలో ట్రైనింగ్‌కి వెళ్తున్నారు కదా. పేషెంటును లోపలికి పంపాక అసలు స్కాన్ మొదలవడానికి ముందు కొన్ని సెకన్లు మెషీన్ తన పనేదో తాను చేసుకుంటుంది. దాన్ని ప్రీస్కాన్ అంటాం. అప్పుడు తెర మీద ఒక మూల ఒక అంకె కనిపిస్తుంది. 1.5 టెస్లా మెషీన్ అయితే 63.8 అనో 63.9 అనో మొదలై, దాని వెనక ఇంకో ఐదారు అంకెలుంటాయి. సెంటర్ ఫ్రీక్వెన్సీ అని రాసి ఉంటుంది. మీలో ఎంతమంది ఆ అంకెను పట్టించుకున్నారు? ఇద్దరు. పర్వాలేదు, నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేనూ పట్టించుకోలేదు.

ఈరోజు మాట్లాడేదంతా ఆ ఒక్క అంకె గురించే. అది ఎక్కడి నుంచి వచ్చిందో ముందు కాగితం మీద లెక్క వేసి తెప్పిద్దాం. అది కొంచెం తప్పితే మోకాలి బొమ్మ ఎలా చెడుతుందో తర్వాత చూద్దాం.

మన శరీరంలో ఎక్కువ భాగం నీళ్లు, ఆ తర్వాత కొవ్వు. రెండింటిలోనూ హైడ్రోజన్ పుష్కలంగా ఉంది. హైడ్రోజన్ కేంద్రకం అంటే ఒంటరి ప్రోటాన్. దానికి మనకు కావలసిన గుణాలు రెండున్నాయి. ఒకటి, అది చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. ఆ అయస్కాంతం ఎంత బలమైనదో చెప్పే కొలతనే అయస్కాంత భ్రామకం అంటాం, μ అని రాస్తాం. విలువ టెస్లాకి 1.4106 × 10⁻²⁶ జౌళ్లు. రెండోది, దానికి స్పిన్ ఉంది, అంటే కోణీయ ద్రవ్యవేగం ఉంది. పేరు స్పిన్ అయినంత మాత్రాన ప్రోటాన్ నిజంగా గుండ్రంగా తిరుగుతోందని అనుకోకండి. అది దానికి పుట్టుకతో ఉన్న గుణం, మీకూ నాకూ బరువు ఉన్నట్టే.

ఇప్పుడు దీన్ని అయస్కాంత క్షేత్రంలో పెడదాం. క్షేత్రం B. క్షేత్రం దిశలో కొలిస్తే ప్రోటాన్ భ్రామకానికి రెండే విలువలు వస్తాయి: క్షేత్రంతో పాటుగా, లేదా దానికి ఎదురుగా. మధ్యస్థంగా ఇంకేదీ రాదు. క్షేత్రంతో పాటుగా ఉంటే శక్తి μB అంత తక్కువ, ఎదురుగా ఉంటే μB అంత ఎక్కువ. రెండింటికీ తేడా 2μB. ఈ తేడాకి సరిగ్గా సరిపోయే రేడియో తరంగం వస్తే ప్రోటాన్ దాన్ని పుచ్చుకుని కింది స్థాయి నుంచి పై స్థాయికి వెళ్లగలదు. తరంగం శక్తి పొట్లాలుగా వస్తుంది, ఒక్కో పొట్లం శక్తి అంటే ప్లాంక్ స్థిరాంకం h ని పౌనఃపున్యంతో గుణిస్తే వచ్చేది. కాబట్టి hf = 2μB. బోర్డు మీద రాస్తున్నాను:

f = 2μB / h

అంతే, ఇంతకు మించి సూత్రం లేదు. B దగ్గర 1.5 పెట్టండి. రెండు ఇంటూ 1.4106 ఇంటూ 1.5 అంటే 4.2318. పదిపై మైనస్ 26. దాన్ని 6.626 × 10⁻³⁴ తో భాగించండి. ఫోన్లో కాలిక్యులేటర్ తీయండి, నేను ఆగుతాను.

ఎంతొచ్చింది? 63.87 మిలియన్. అంటే సెకనుకు 6 కోట్ల 38 లక్షల 70 వేల సార్లు, 63.87 మెగాహెర్ట్జ్. మెషీన్ తెర మీద చూసిన అంకె ఇదే. B దగ్గర 1 పెడితే 42.58 వస్తుంది. ఇది గుర్తుంచుకుంటే చాలు, ఎన్ని టెస్లాలైతే అంతతో గుణించుకోవచ్చు.

కొందరికి ఈ శక్తి స్థాయిల మాట కన్నా బొంగరం బాగా ఎక్కుతుంది. అలాగే చూద్దాం. దిక్సూచి ముల్లును అయస్కాంతం దగ్గర పెడితే కాసేపు ఊగి, చివరికి దాని వైపే తిరిగి ఆగిపోతుంది. ప్రోటాన్ అలా ఎందుకు ఆగదు? దిక్సూచి ముల్లుకు స్పిన్ అంటూ చెప్పుకోదగ్గది లేదు, ప్రోటాన్‌కు ఉంది. తిరగని బొంగరాన్ని నేల మీద వాల్చి నిలబెడితే పడిపోతుంది. తిరుగుతున్న బొంగరం మాత్రం వాలినా పడదు, వాలిన తలను మెల్లగా చుట్టూ తిప్పుతుంది. ప్రోటాన్‌ను క్షేత్రం తన వైపు లాగుతుంటే ప్రోటాన్ అటు పడిపోకుండా క్షేత్రం చుట్టూ తల తిప్పుతుంది. ఎంత వేగంగా? లాగే బలాన్ని కోణీయ ద్రవ్యవేగంతో భాగిస్తే వస్తుంది. ప్రోటాన్ కోణీయ ద్రవ్యవేగం h/4π. ఇంటికెళ్లి ఆ భాగహారం చేయండి, వచ్చేది సెకనుకు రేడియన్లలో ఉంటుంది కాబట్టి చుట్టుకు 2π చొప్పున మళ్లీ భాగించండి, సరిగ్గా 2μB/h దగ్గరికే వస్తారు.

ఈ దారిలో ఒక లాభం ఉంది. బొంగరం ఎంత వాలింది అన్న కోణం లాగే బలంలోనూ ఉంటుంది, తల తిరిగే వలయం వ్యాసార్థంలోనూ ఉంటుంది, రెండూ కొట్టివేయబడతాయి. అంటే రేడియో పల్స్ ప్రోటాన్లను 30 డిగ్రీలు వంచినా 90 డిగ్రీలు వంచినా తల తిరిగే వేగం మారదు. ఫ్లిప్ యాంగిల్ మార్చినప్పుడల్లా ఫ్రీక్వెన్సీ మళ్లీ వెతుక్కోనక్కర లేకపోవడానికి కారణం అదే.

"సార్, మెషీన్ పంపే రేడియో సరిగ్గా అదే ఫ్రీక్వెన్సీలో ఎందుకుండాలి? కొంచెం అటూ ఇటూ అయితే?"

మంచి ప్రశ్న. ఉయ్యాల ఊపేటప్పుడు మీరేం చేస్తారు? అది వెనక్కొచ్చిన ప్రతిసారీ ఒక్క తోపు తోస్తారు. చిన్న తోపులే, కానీ సమయానికి పడుతున్నాయి కాబట్టి ఊపు పెరుగుతూ పోతుంది. మీ తోపులకీ ఉయ్యాలకీ కాలం కుదరకపోతే ఒక తోపు ఇచ్చిన ఊపును ఇంకో తోపు తీసేస్తుంది. దీన్నే అనునాదం అంటాం, ఎం.ఆర్. లోని రెజొనెన్స్ ఇదే. 'కొంచెం అటూ ఇటూ' అంటే ఎంత అన్నది తోపులు ఎంతసేపు కొనసాగాయన్న దాని మీద ఉంటుంది. ఎక్కువసేపు సాగే పల్స్‌కి పట్టింపు ఎక్కువ, కొంచెం ఎక్కువ తప్పితే ఒప్పుకోదు. పొట్టి పల్స్‌కి అంత పట్టింపు లేదు. ఇది గుర్తుంచుకోండి, మోకాలి దగ్గర పనికొస్తుంది.

ఇంకో మాట. పేషెంట్లు మిమ్మల్ని రేడియేషన్ వస్తుందా అని అడుగుతారు. 63.87 మెగాహెర్ట్జ్ తరంగంలో ఒక్కో పొట్లం శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టులో కోటో వంతుకి రెండు మూడు రెట్లు మాత్రమే. ఎక్స్‌రేలో అది వేల ఎలక్ట్రాన్ వోల్టులుంటుంది. కణంలోని బంధాన్ని తెంచే శక్తి ఈ రేడియోకి లేదు. ఒంటిని కాస్త వెచ్చబెట్టగలదు, అందుకే మెషీన్ పేషెంటు బరువు అడుగుతుంది.

శక్తి అంత తక్కువ కావడం వల్ల మనకో చిక్కు కూడా ఉంది. ఒంటి వేడి ప్రోటాన్లను అటూ ఇటూ తోసేస్తూ ఉంటుంది, ఆ వేడి ముందు 2μB లక్షో వంతు. 1.5 టెస్లాలో లెక్క వేస్తే పది లక్షల ప్రోటాన్లలో క్షేత్రంతో పాటు ఉన్నవి ఎదురుగా ఉన్నవాటి కన్నా సుమారు ఐదే ఎక్కువ. మనకు వచ్చే సిగ్నలంతా ఆ ఐదింటి నుంచే. అది చాలడానికి కారణం నీళ్లలో ప్రోటాన్లు లెక్కలేనన్ని ఉండటమే. ఘనపు మిల్లీమీటరు నీళ్లలో వాటి సంఖ్య 6 పక్కన 19 సున్నాలు దాటుతుంది.

ఇక ఆ 1.4106 ఎక్కడిది? ఇక్కడ ఒక కథ ఉంది, నాకు ఇష్టమైన కథ. 1933లో హాంబర్గ్‌లో ఒట్టో స్టెర్న్, ఆయన సహచరులు హైడ్రోజన్ అణువుల ధారను సమంగా లేని అయస్కాంత క్షేత్రం గుండా పంపి, అది ఎంత పక్కకు వంగుతుందో కొలిచారు. సిద్ధాంతం ప్రకారం ప్రోటాన్ భ్రామకం ఒక న్యూక్లియర్ మాగ్నెటాన్ ఉండాలి. ఎలక్ట్రాన్‌కి పనిచేసిన సూత్రాన్నే ప్రోటాన్ బరువు పెట్టి వాడితే వచ్చే విలువ అది. జవాబు ముందే తెలుసు, ఇక కొలవడం ఎందుకని సిద్ధాంతవేత్తలు అనుకున్నారు. కొలిస్తే రెండు మూడు రెట్లు వచ్చింది. ఈనాటి విలువ 2.793. ప్రోటాన్ ఎలక్ట్రాన్‌లా చుక్కలాంటి కణం కాదు, దానిలోపల ఇంకేదో ఉందని చెప్పిన తొలి గుర్తుల్లో అదొకటి. సిద్ధాంతవేత్తలు చెప్పినట్టే ఒకటే ఉండి ఉంటే మన 1.5 టెస్లా మెషీన్ 22.87 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసేది, సిగ్నలూ బాగా పలచబడేది.

తర్వాత 1938లో రాబీ కొత్త దారి పట్టాడు. ధార ఎంత వంగిందో కొలవడం కన్నా, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర కేంద్రకాలు తిరగబడతాయో చూడటం ఎంతో కచ్చితం. 1945 డిసెంబరులో హార్వర్డ్‌లో పర్సెల్, టోరీ, పౌండ్ ముగ్గురూ ధారలేమీ లేకుండా మామూలు మైనపు ముద్దలోనే ఆ అనునాదాన్ని పట్టుకున్నారు. దాదాపు అదే సమయంలో స్టాన్‌ఫర్డ్‌లో బ్లాక్ బృందం నీళ్లలో పట్టుకుంది. పర్సెల్ బృందం రేడియో సుమారు 29.8 మెగాహెర్ట్జ్. క్షేత్రం ఎంతై ఉంటుందో మీరే చెప్పండి. 29.8 ని 42.58 తో భాగించండి. అవును, 0.7 టెస్లా.

ఇక్కడ నిజం ఒకటి ఒప్పుకోవాలి. ఇందాక నేను భ్రామకం నుంచి ఫ్రీక్వెన్సీ తెప్పించి గొప్పగా చూపించాను. కానీ 1.4106 అన్న విలువ ఈరోజు అంత కచ్చితంగా తెలియడానికి కారణం ఫ్రీక్వెన్సీలను కొలవడమే. అందుకే స్టెర్న్ కొలతకు నేను అంత విలువ ఇస్తాను. ఆయన ఫ్రీక్వెన్సీ జోలికి పోకుండా, ధార వంపు నుంచే భ్రామకాన్ని తెచ్చాడు. రెండు దారులూ ఒకే చోటికి చేరాయి.

సరే, ఇప్పుడు మెషీన్ దగ్గరికి. ఇంతవరకూ ప్రోటాన్ దగ్గర ఉన్న క్షేత్రం, అయస్కాంతం ఇచ్చే క్షేత్రం ఒకటే అన్నట్టు మాట్లాడాను. నిజానికి ఒకటి కాదు. ప్రోటాన్ చుట్టూ ఎలక్ట్రాన్లున్నాయి. అవి క్షేత్రానికి ఎదురు తిరిగి చిన్న నీడ పడతాయి. నీళ్లలో ఆ నీడ పది లక్షల్లో 26 వంతులు. కొవ్వులో హైడ్రోజన్ కార్బన్‌కి అంటుకుని ఉంటుంది, కార్బన్ ఆక్సిజన్ అంత గట్టిగా ఎలక్ట్రాన్లను లాక్కోదు, కాబట్టి ఆ ప్రోటాన్ మీద నీడ ఇంకాస్త ఎక్కువ. ఎంతంటే నీళ్ల కన్నా పది లక్షల్లో 3.5 వంతులు ఎక్కువ.

ఒకే పదార్థంలో వేరువేరు చోట్ల ఉన్న ప్రోటాన్లు వేరువేరు ఫ్రీక్వెన్సీలో పలుకుతాయని 1951లో స్టాన్‌ఫర్డ్‌లో ఆల్కహాల్ మీద స్పష్టంగా చూపించిన ముగ్గురిలో మనవాడు ఒకాయన ఉన్నాడు, ఎస్.ఎస్. ధర్మట్టి. ఆర్నాల్డ్, ప్యాకార్డ్ మిగతా ఇద్దరు. ధర్మట్టి తర్వాత బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఈ విద్యను నిలబెట్టాడు. మీ పుస్తకాల్లో ఈ పేరు ఉండదు, అందుకే చెప్తున్నాను.

పది లక్షల్లో మూడున్నర. 63.87 మెగాహెర్ట్జ్‌లో అది ఎంత? 223 హెర్ట్జ్. సెంటర్లలో ఉజ్జాయింపుగా 220 అంటారు. నీళ్లు పైన, కొవ్వు 220 కింద. ఆరు కోట్లలో 220 అంటే నవ్వొస్తుంది కదా. ఈ 220 తోనే మీకు రోజూ పని పడుతుంది.

ఒక మోకాలి కేసు చెప్తాను. 1.5 టెస్లా. ఫ్యాట్ శాట్ సీక్వెన్స్ పెట్టారు, అంటే కొవ్వును నల్లగా చేసి, ఎముకలో వాపు నీరుంటే తెల్లగా కనపడేలా చేయాలి. మెషీన్ చేసేదేమిటంటే, ముందు నీళ్ల ఫ్రీక్వెన్సీని సెంటర్‌గా తీసుకుంటుంది. దానికి 220 కింద ఒక పొడవాటి పల్స్ ఇచ్చి కొవ్వు ప్రోటాన్లను మాత్రమే అలసిపోయేలా చేస్తుంది. పొడవాటి పల్స్‌కి పట్టింపు ఎక్కువని ఇందాక అన్నాను కదా, అందుకే నీళ్లను ముట్టుకోదు. వెంటనే అసలు బొమ్మ తీస్తే కొవ్వు నుంచి సిగ్నల్ రాదు.

ఆ రోజు బొమ్మ వచ్చింది, కానీ ఎముక మూలుగంతా తెల్లగా మెరుస్తోంది. కొవ్వు పోలేదు. టెక్నీషియన్ మళ్లీ తీశాడు, మళ్లీ అంతే. కాయిల్ పాడైందేమోనని కాయిల్ మార్చాడు. నలభై నిమిషాలు పోయాయి, పేషెంటుకి టెన్షన్, బయట క్యూలో ఉన్నవాళ్లకు కోపం. నేను ఫోన్లో ఒక్కటే అడిగాను: ప్రీస్కాన్ గ్రాఫులో గీత ఏ శిఖరం మీద ఉంది? మోకాలి దగ్గర మూలుగులో, చర్మం కింద కొవ్వు ఎక్కువ, నీళ్లు తక్కువ. గ్రాఫులో రెండు శిఖరాలుంటాయి, కొవ్వుది పొడుగ్గా ఉంటుంది. మెషీన్ పొడుగు శిఖరాన్ని చూసి అదే నీళ్లనుకుంది. కొవ్వును సెంటర్ చేసుకుని, దానికి 220 కింద పల్స్ కొట్టింది. అక్కడ ఏమీ లేదు. పల్స్ గాలిలో కొట్టినట్టయింది. నీళ్లూ మిగిలాయి, కొవ్వూ మిగిలింది.

మాన్యువల్‌గా సెంటర్‌ను 220 పైకి, చిన్న శిఖరం మీదికి జరిపించాను. తర్వాతి బొమ్మలో మూలుగు నల్లబడింది.

గ్రాఫులో నీళ్లు కుడివైపా ఎడమవైపా అన్నది మెషీన్‌ను బట్టి మారుతుంది, కాబట్టి వైపును గుర్తుపెట్టుకోకండి. ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్నది నీళ్లు, అదొక్కటే చూడండి. శిఖరాల మధ్య దూరం 220 దరిదాపుల్లో ఉందో లేదో కూడా చూడండి. 220 లేకపోతే మీరు చూస్తున్నవి నీళ్లు, కొవ్వు కాకపోవచ్చు. క్షేత్రమే సమంగా లేక ఒకే శిఖరం రెండుగా చీలి ఉండొచ్చు.

దీనికి ఇంకో రూపం ఉంది, అది ఇంకా మోసకారి. బొమ్మంతా బాగానే ఉంటుంది, ఒక మూల మాత్రం కొవ్వు తెల్లగా ఉంటుంది, లేదా నీళ్లే నల్లబడిపోతాయి. మెడ స్కాన్లలో, పాదాల్లో, లోపల స్క్రూ ఉన్నచోట ఇది ఎక్కువ. అక్కడ గాలి, మాంసం, లోహం కలిసేచోట క్షేత్రం పది లక్షల్లో మూడు నాలుగు వంతులు తగ్గిందనుకోండి. అప్పుడు అక్కడి నీళ్ల ఫ్రీక్వెన్సీ 220 కిందికి జారి, కొవ్వు కోసం పెట్టిన పల్స్‌కి బలైపోతుంది. ఉన్న వాపు కనపడకుండా పోతుంది. డాక్టరు గారు ఏమీ లేదని రాసే ప్రమాదం ఉంది. ఇక్కడ సెంటర్ జరిపితే లాభం లేదు, ఒక మూల బాగైతే ఇంకో మూల చెడుతుంది. ముందు ఆ భాగం మీదే షిమ్ చేయించండి, అంటే అక్కడి క్షేత్రాన్ని సమం చేయించండి. అయినా కుదరకపోతే ఫ్యాట్ శాట్ వదిలేసి స్టిర్ పెట్టండి. స్టిర్ కొవ్వును ఫ్రీక్వెన్సీతో కాదు, అది కోలుకునే సమయంతో పట్టుకుంటుంది. క్షేత్రం కొంచెం వంకరగా ఉన్నా దానికి పట్టదు.

"సార్, బొమ్మలో చోటును కూడా ఫ్రీక్వెన్సీతోనే గుర్తిస్తారన్నారు. మరి ఈ 220 వల్ల కొవ్వు పక్కకు జరగదా?"

జరుగుతుంది. గ్రేడియెంట్ అంటే కావాలనే క్షేత్రాన్ని ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ చేయడం. మీటరుకు 10 మిల్లీటెస్లా ఇస్తే పక్కపక్కనున్న రెండు మిల్లీమీటర్ల మధ్య 426 హెర్ట్జ్ తేడా వస్తుంది. 42.58 ని వాడి మీరే సరిచూసుకోండి. మెషీన్‌కి తెలిసింది ఫ్రీక్వెన్సీ ఒక్కటే. తక్కువ పలికిన కొవ్వును చూసి అది పక్క చోట ఉందనుకుంటుంది. పిక్సెల్‌కి 110 హెర్ట్జ్ పెట్టి తీస్తే కొవ్వు రెండు పిక్సెళ్లు జరుగుతుంది. కిడ్నీ చుట్టూ కొవ్వుంటుంది కదా, అందుకే కిడ్నీకి ఒక పక్క నల్ల గీత, ఎదురు పక్క తెల్ల గీత కనిపిస్తాయి. అవి జబ్బు కాదు. పిక్సెల్‌కి 220 పెడితే జరుగుడు ఒక్క పిక్సెల్‌కి తగ్గుతుంది, కాకపోతే నాయిస్ కొంత పెరుగుతుంది.

తలుపు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. గది గోడల్లో రాగి రేకు ఉండేది మీ మెషీన్ వినే ఫ్రీక్వెన్సీ బయటి నుంచి రాకుండా ఉండటానికే. తలుపు సరిగా పడకపోయినా, గదిలో ఎవరైనా చవక బల్బు మార్చినా, బొమ్మకు అడ్డంగా చుక్కల గీత ఒకటి వస్తుంది, జిప్పులాగా. ప్రోటాన్‌దైతే గ్రేడియెంట్ మారితే ఫ్రీక్వెన్సీ మారాలి. బల్బుకి గ్రేడియెంట్‌తో సంబంధం లేదు, ఒకే ఫ్రీక్వెన్సీ పట్టుకుని కూర్చుంటుంది. అందుకే గీతలా పడుతుంది.

ఇంకెవరైనా?

"సార్, మా సెంటర్లో 3 టెస్లా ఉంది. మీ లెక్క ప్రకారం 127.7 రావాలి. మా తెర మీద 123.2 చూపిస్తుంది. మెషీన్ తప్పా, లెక్క తప్పా?"

రెండూ కాదు. 123.2 ని 42.58 తో భాగించి చూడండి. 2.89 వస్తుంది. డబ్బా మీద 3 అని రాశారు, అయస్కాంతాన్ని 2.89 టెస్లా దగ్గర నిలిపారు. కొన్ని రకాల మెషీన్లలో అంతే. మీకు కొవ్వు, నీళ్ల మధ్య తేడా కూడా 447 కాదు, 431 దగ్గర చూసుకోండి.